మగ్గం గుంత గురించి ఒక వాక్యం

మా వీధి ఆడవాళ్లు నాతో ఉత్తరాలు రాయించుకునేవాళ్లు. నా దస్తూరి బాగుంటుందని కాదు, విన్న మాట నా నోటి నుంచి బయటికి రాదని. నిజానికి ఏ మాటా రాదు. పక్కింటికి చాట అడగడానికి వెళ్లి, గడప దగ్గర కాసేపు నిలబడి, ఎవరూ చూడలేదని అడగకుండానే తిరిగొచ్చిన రోజులున్నాయి. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. సిరిసిల్లలో మా వీధికి కరెంటు స్తంభాలు పాతిన ఏడాది అది.

మా గోడకు అవతల నేతవాళ్ల ఇల్లు. అన్నదమ్ములిద్దరు. తమ్ముడు బొంబాయి దగ్గర భీవండికి నేతపనికి పోయి రెండేళ్లు. అన్న ఇక్కడే ఉండి ఇల్లు చూసుకుంటున్నాడు. తమ్ముడి భార్యను నేను అక్క అని పిలిచేదాన్ని. ముందరి గదిలో గుంతమగ్గం ఉండేది. నేల తవ్వి చేసిన గుంతలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ నేసే మగ్గం. దాన్ని ఆ అన్నదమ్ముల తండ్రి తవ్వించాడు. ఆయన పోయాక తమ్ముడి వంతుకు వచ్చింది. తమ్ముడు వెళ్లిన ఆరు నెలలకు అక్క అందులో కూర్చోవడం మొదలుపెట్టింది. మా దిక్కు ఆడవాళ్లు నూలును కండెలకు చుడతారు, మగవాళ్లు నేస్తారు. అందుకే ఆమె తలుపు ఒక రెక్క మూసి నేసేది. వీధిలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. గోడకు ఇవతల నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఆ టకటక వినిపిస్తూ ఉండేది. మొదట్లో తడబడుతూ, మధ్యలో ఆగిపోతూ. తర్వాత తర్వాత ఆగకుండా.

ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగింది. అక్క పోస్టు కార్డు పట్టుకుని వచ్చింది.

"సాంచెలు తెస్తడట మా బావ" అన్నది, కూర్చోకుండానే. సాంచె అంటే కరెంటు మగ్గం. "నేల సాపు కావాలెనట. పెత్రమాస దాటంగనే బండెడు మన్ను పోయించి గుంత పూడుస్తడట. నేను వద్దంటే వింటడా? వాడు రాస్తే ముట్టను అన్నడు. వాడు అంటే మా ఆయన. ఆయన వంతుగద మరి."

"ఏం రాయమంటవు అక్కా?"

"ఏమున్నది. గుంతల నేను కూసుంటున్న, పూడ్చొద్దని రాయి." అని, వెంటనే నా చేయి పట్టుకుంది. "అయ్యో, అట్ల రాయకు పిల్లా. ఆయనకు చదువు రాదు. ఆ ఖోలిల, ఒక్క గదిల, పదిమంది ఉంటరు. ఒకడు చదువుతడు, అందరు వింటరు. నీ పెండ్లం మగ్గం మీద కూసుంటదారా అని నవ్వుతరు. ఆయన మొకం ఎట్లుంటది?"

ఆమె అన్న మాటను డైరీలో పేజీ పైన రాసుకున్నాను, సంగతి ఏమిటో మరిచిపోకుండా. దాని కింద గీత గీశాను. ఆ గీత గురించి తర్వాత చాలా ఆలోచించాను.

కార్డు మీద క్షేమ సమాచారాలు పోగా మూడు వరుసల జాగా మిగులుతుంది. అంటే ఒక్క వాక్యం. ఆ వాక్యం విని, ఆయన అక్కడి నుంచి "ముట్టకు" అని అన్నకు రాయించాలి. అక్క నేస్తున్నదని మాత్రం ఆ గదిలో ఎవరికీ తెలియకూడదు. పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, ఇంకా నెల పైన ఉంది. కార్డు పోవడానికి వారం, రావడానికి వారం.

నాకు ఆ పని మీద మొదట సంతోషమే కలిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. పుస్తకాలు చదువుతూ ఒక్కో వాక్యం దగ్గర ఆగి, రాసినాయన దీన్ని ఎన్ని తీర్ల రాసి చూసుంటాడో అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ పని నా చేతికి వచ్చింది. డైరీలో ఎదురెదురు పేజీలు తెరిచి, ఎడమవైపు నాకు తోచింది రాసి, కుడివైపు అందులో ఒక్క మాట మార్చి రాశాను. ఒకేసారి రెండు మార్చితే ఏ మార్పు వల్ల బాగుపడిందో తెలియదు.

మొదటిది ఇది: *మగ్గం గుంత పూడ్చకూడదని మీ అన్నగారికి వెంటనే తెలియజేయవలెను.* ఇది కచ్చేరి కాగితం. భార్య రాసినట్టు లేదు.

రెండోది: *మీ మగ్గం మీ రాక కొరకు ఎదురుచూచుచున్నది.* రాసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మరునాడు అక్కకు చదివి వినిపిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మగ్గానికి కండ్లున్నయా పిల్లా, ఎదురుసూసేటందుకు? ఆ ఖోలిల వాళ్లంతా నేతోళ్లే. మగ్గం ఎట్లుంటదో తెల్వనోళ్లు కాదు."

మూడోది: *మీ తండ్రిగారు తవ్వించిన గుంతను మీ అన్నగారు పూడ్పిస్తున్నారు.* ఇది బలంగా ఉంది. ఎంత బలంగా అంటే, విన్న అక్క లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇది పోతే అన్నదమ్ములు కొట్టుకుంటరు. కొట్టుకున్నంక నేను ఉండేది గా ఇంట్లనే" అన్నది.

దాన్ని కొట్టేశాను. నాకు అప్పుడే అర్థమయింది, వినేవాడికి తగిలే వాక్యం వేరు, పని జరిగే వాక్యం వేరని. కానీ అర్థమయింది ఒంటబట్టడానికి ఇంకా టైం పట్టింది.

నాలుగు రోజులు ఇంట్లో నిలవలేకపోయాను. అన్నం వండుతుంటే ఒక మాట తోచేది, చేయి కడుక్కుని డైరీ దగ్గరికి పోయేసరికి జారిపోయేది. అవ్వ "పిల్లకు కాలు నిలుస్తలేదు, దిష్టి తీయాలె" అన్నది. ఒకసారి అక్క వాళ్ల ఇంటికి వెళ్లి, మూసిన తలుపు రెక్క పక్కనుంచి ఆమె నేస్తుంటే చూశాను. కాళ్లు గుంతలో కనిపించవు. మోకాళ్ల పైనుంచే మనిషి. ఇంటికొచ్చి రాశాను:

*మీరు వస్తే, గుంత లేకపోతే, కాళ్లు ఎక్కడ పెడతారు?*

ఇదే అనిపించింది. పూడ్చవద్దని అడగడం లేదు, అన్నను అనడం లేదు, అక్క నేస్తున్నదని చెప్పడం లేదు. అయినా ఏదో అడ్డం తగులుతోంది. వరుసలో రెండు 'తే'లు. మొదటిదాన్ని అరచేత్తో మూసి చదివాను. 'వస్తే' అన్నదే చెడగొడుతోంది. వస్తాడో రాడో అన్నట్టుంది. దాన్ని 'వచ్చినంక' చేశాను. వస్తాడు, అందులో మాట లేదు. ఆ తర్వాత వరుస మార్చాను. *మీరు వచ్చినంక కాళ్లెక్కడ పెడతరు, గుంత పూడిస్తే?* ఇట్లా రాస్తే చివరి మాట గుంత గురించి అవుతుంది, గుర్తుంటుంది అనుకున్నాను. పైకి చదివితే ప్రశ్న మధ్యలోనే అయిపోయి, తోక వేలాడింది. తిరిగి మార్చాను:

*గుంత పూడిస్తే, మీరు వచ్చినంక కాళ్లెక్కడ పెడతరు?*

'పెడతారు' అని రాయాలా 'పెడతరు' అని రాయాలా అని ఒక పూటంతా కొట్టుకున్నాను. పుస్తకాల్లో ఎక్కడా 'పెడతరు' లేదు. అక్కను అడిగితే, "పెడతారు అంటే ఎవరో బెజవాడ ఆమె అడిగినట్టున్నది" అన్నది.

ఇక మిగిలింది ఆ గదిలో చదివేవాడు. వాడెంత చదువుకున్నవాడో తెలియదు. దానికి మా ఇంట్లోనే ఒక ఉపాయం దొరికింది. మా బాపు నిజాం కాలంలో తహసీలు కచ్చేరిలో మున్షీ. చదువంతా ఉర్దూలో. ఉర్దూ కాగితం ఇస్తే గడగడా చదివేవాడు. తెలుగు మాత్రం ఒక్కో అక్షరం పట్టుకుని, ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి పోయి మళ్లీ అందుకునేవాడు. ఆయన చేతిలో బతికిన వాక్యం ఎక్కడైనా బతుకుతుంది. బాపుతో ఎదురుగా మాట్లాడే అలవాటు నాకు లేదు. అన్నీ ఒక కాగితం మీదికి ఎత్తి, టీ కప్పు పక్కన పెట్టి, దర్వాజ వెనక నిలబడ్డాను.

"మ...గ్గం గుంత పూ... పూడ్... చ... ఏందే ఇది? తె...లి...య... చే... యా అల్లా!" కాగితం తిరగేసిన చప్పుడు. "బిడ్డా! ఒకటే మాట ఇన్నిసార్లు రాసినవేంది? ఇంపోజిషనా?"

నేను బయటికి రాలేదు. ఆయన చివరిది చదివాడు. "గుంత పూడిస్తే, మీరు వచ్చినంక... కాళ్లెక్కడ పెడతరు?" ఒక్కచోట ఆగాడు, అదీ సరైన చోటే. చదివి చిన్నగా నవ్వాడు. "గిది మంచిగున్నది."

కార్డు పోయింది.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో డైరీలో ఉంది గానీ చదవబుద్ధి కాదు. ప్రతి పేజీలో పోస్టుమాన్ వచ్చాడా లేదా అన్నదే. అక్క నేస్తూనే ఉంది. చప్పుడు మళ్లీ తడబడడం మొదలైంది. పన్నెండో రోజున అక్క బావ మన్ను తెప్పించాడు. పెత్రమాస ఇంకా రాలేదు కదా అని అడిగితే, "పూడుస్తలేను గద, పోయించి పెట్టిన. బండి దొరికింది" అన్నాడట. ఎర్రమట్టి కుప్ప వాళ్ల గుమ్మం పక్కన, మా అరుగు దాకా పాకింది. నేను బయటికి రావాలంటే దాని అంచు తొక్కి రావాలి.

జవాబు వచ్చింది. అక్క కార్డును కొంగులో దాచి తెచ్చి, వంటింట్లోకి లాక్కెళ్లింది. నేను చదివాను.

*ఇక్కడ సాంచెల మీద పని. పొద్దంతా నిలబడి నడుపుతం. నాలుగు సాంచెల నడుమ తిరుగుడే, కూసునుడు లేదు. కాళ్లు పెట్టేటందుకు గుంత నాకెందుకు? వచ్చినా నిలబడే నేస్త. అన్న చెప్పినట్టు పూడ్చనీయి. నీ మాట గదిలో అందరు విన్నరు. మంచిగ రాసినవని నవ్విండ్రు.*

ఆ చివరి వరుస చదవకుండా ఆపేద్దామనుకున్నాను. చదివేశాను.

"మంచిగున్నదట" అన్నది అక్క. పొయ్యి మీద పాలు పొంగితే ఆమే దించింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఒత్తులు చూసుకున్నాను, ఊపిరి చూసుకున్నాను, 'తే' ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చూసుకున్నాను. సాంచె ముందర మనిషి నిలబడతాడని చూసుకోలేదు. నేనెప్పుడూ సాంచెను చూడలేదు. అడగనూ లేదు. అడిగితే అక్కైనా చెప్పేది, ఆమె బావైనా చెప్పేవాడు. నోరు తెరిచి ఒక మాట అడగడానికి జంకి, ఎనిమిది తీర్ల రాసి చూశాను.

"నేనే చెడగొట్టిన అక్కా" అన్నాను.

"నువ్వేం చెడగొట్టినవు. ఆయన కాళ్ల గురించి రాసినం. ఆయనకు అక్కరలేదన్నడు." ఆమె గిన్నె మీద మూత పెట్టింది. "నేను ఆయన కాళ్ల గురించి ఏడుస్తలేను పిల్లా. కండెలు చుట్టినన్ని దినాలు నేను ఇంకొకళ్ల పనికి ఆసరా. గుంతల దిగినంక గా బట్ట నాది. సాంచె పెడితే నన్ను మళ్లీ కండెల కాడ కూసుండబెడతరు."

డైరీ తెచ్చాను. ఆ పేజీ తెరిస్తే, గీతకు పైన ఆమె మొదటిరోజు అన్న మాట ఉంది. *గుంతల నేను కూసుంటున్న.* గీత కింద నా వాక్యాలు. అన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను గానీ, దీన్ని వాటి పక్కన పెట్టలేదు. సంగతి అనుకున్నాను, వాక్యం అనుకోలేదు.

"ఇది రాద్దామా?" అన్నాను.

"పదిమంది వింటరు."

"వింటరు."

ఆమె తన పాదాలు చూసుకుంది. బొటనవేలికి చెక్క రాసుకుని కాయ కాసింది. "ఎట్లనన్న వింటరు. వినేదేదో నిజం వింటరు. ఎట్ల రాస్తవో చదువు."

ఈసారి ఇద్దరం కూర్చున్నాం. నేను రాసింది ఆమె వింటుంది, ఆమె అన్నది నేను రాస్తాను. *నేను నేస్తున్నాను, అందువలన గుంత పూడ్చవద్దు.* 'అందువలన' దగ్గర ఆమె మొహం చిట్లించింది. "వకీలు లెక్క." *గుంతల నేను కూసుంటున్న.* ఇది బాగానే ఉంది. కానీ ఎవరైనా అలసిపోయి కాసేపు కూర్చున్నట్టు కూడా వినిపిస్తుంది. నేస్తున్నట్టు తెలియాలంటే కాళ్లు ఉండాలి. కాళ్ల మాట ముందు కార్డులో పోయింది, ఆయన జవాబులో వచ్చింది. ఇప్పుడు మళ్లీ అదే మాట పోతే గదిలో అందరికీ దేనికి జవాబో తెలుస్తుంది. *గుంతల నా కాళ్లున్నయి.*

ఆమె చదవమన్నది. మళ్లీ చదవమన్నది.

"ఇప్పుడు అని పెట్టు."

*గుంతల ఇప్పుడు నా కాళ్లున్నయి.*

నాకు నచ్చలేదు. ఆ మాట తీసేస్తే వాక్యం రాయిలా ఉంది. పెడితే మెత్తబడుతోంది. అదే చెప్పాను. బహుశా నా జీవితంలో ఒక మనిషితో ఎదురుగా వాదించడం అదే మొదలు.

"మెత్తగ లేదు పిల్లా. మొదట ఆయనవి ఉండె, ఇప్పుడు నావి ఉన్నయి. 'ఇప్పుడు' లేకపోతే ఆయనవి ఎన్నడు లేనట్టే అయితది. అది అబద్ధం."

"మరి ఆయన వస్తే?"

"వస్తే జరుగుత." కొంచెం ఆలోచించింది. "అడిగితే జరుగుత."

దాన్ని కూడా బాపు టీ పక్కన పెట్టాను. ఈసారి దర్వాజ వెనక దాక్కోలేదు. గడపలో నిలబడ్డాను. ఆయన ఎక్కడా ఆగకుండా చదివాడు. చదివి, కాగితం దించి, గోడ వైపు చూశాడు. అవతల చప్పుడు నడుస్తోంది. "ఎన్నొద్దుల సంది?" అని అడిగాడు. "ఏడాదిన్నర" అన్నాను. "నేను ఆ చప్పుడు వాళ్ల పెద్దోనిదనుకున్న" అన్నాడు, తనలో తాను.

కార్డు మీద క్షేమ సమాచారాలు కూడా రాయలేదు. ఆ ఒక్క వాక్యమే. అంత ఖాళీ కార్డు పోస్టు డబ్బాలో వేయబోతూ రెండుసార్లు తిప్పి చూసుకున్నాను. ఏదో మరిచిపోయినట్టు, బట్ట కప్పుకోకుండా వీధిలోకి వచ్చినట్టు.

పెత్రమాస వచ్చింది. రెండు రోజులు వానపడి మన్ను మెత్తబడింది. వాన వెలిసిన పొద్దున అక్క బావ పార తీసుకుని కుప్ప దగ్గరికి వచ్చాడు. నేను మా అరుగు మీద నిలబడి ఉన్నాను. ఆయన పార నేలకు గుచ్చి, జేబులోంచి కార్డు తీసి, నన్ను దాటి లోపలికి వచ్చాడు.

"మున్షిసాబు, మా తమ్మునిది నిన్న వచ్చింది. జర చదువుండ్రి. పూడ్చమన్నడో, ఇంకేమన్నడో."

బాపు అద్దాలు పెట్టుకున్నాడు. అంత నెమ్మదిగా ఏ ఉత్తరమూ ఎవరూ చదివి ఉండరు.

"అన్నా... గుంత... ము... ముట్టకు. సాంచె... వెనుక గదిల... పెట్టుకో. ఆమె నేసిన... తు... తువ్వాల... ఒకటి పంపు. గదిల అందరు... అంచు... చూస్తమంటు... న్నరు."

అక్క బావ మొహం ఎర్రబడింది. కోపమనుకున్నాను.

"అంచు సూస్తరట అంచు! ఇక్కడ నేను రోజు సూస్తలేనా? ఎడమ దిక్కు గుంజుకపోతనే ఉన్నది. గా అంచు భీవండికి పోతే మన ఇజ్జత్ ఏంగాను!"

గోడకు అవతల చప్పుడు ఆగి ఉంది. అక్క గొంతు వినిపించింది, తలుపు చాటు నుంచి.

"గుంజుకపోతే సక్కజేసుడు సూపియ్యాలె గని బావా, మన్ను పోయిస్తరా?"

బాపు అద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నాడు. అక్క బావ పార తీసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి గోడ అవతల ఆయన గొంతు, విసుగ్గా: "ఎడమ చెయ్యి వదులు. వదులమంటున్న. గట్లగాదు."

మన్ను అట్లాగే ఉండిపోయింది. అందులో కొంత మా అవ్వ గోడలకు పూసింది. వెనుక గదిలో సాంచె పెట్టారు. దాని మోతలో గుంతమగ్గం చప్పుడు సగం రోజు వినిపించేది కాదు. తువ్వాల భీవండికి పోయింది. దాని గురించి వాళ్లు ఏమన్నారో అక్క నాకు చెప్పలేదు, ఉత్తరం మాత్రం వచ్చింది. మా బాపుతోనే చదివించుకుంది.

ఆ డైరీ ఇప్పటికీ తీస్తుంటాను. ఎదురెదురు పేజీలు, గీత, కొట్టివేతలు. ఇప్పటికీ ఆ చివరి వాక్యం దగ్గర నాకు నిలకడ ఉండదు. 'ఇప్పుడు' కనిపించకుండా వేలు పెట్టి చదువుతాను. వేలు తీసి చదువుతాను. వేలు పెట్టినప్పుడే బాగున్నట్టుంటుంది. తీసినప్పుడు అక్క వినిపిస్తుంది.